లియో, కానీ పట్టింపు లేదు

ఓకేక్యుపిడ్ అని ఒక డేటింగ్ సైటు ఉంది. దాని పాత ప్రొఫైళ్లలో రాశి పక్కన చిన్న తోక తగిలించుకునే వీలుండేది. పుట్టినతేదీ ఇచ్చాం కాబట్టి లియోనో వర్గోనో అదే చెప్పేస్తుంది. తోకను మాత్రం మనం ఎంచుకోవాలి. "కానీ నాకు పట్టింపు లేదు" అన్నది ఒకటి, "సరదాగా అనుకోవడానికి బాగుంటుంది" అన్నది ఇంకొకటి, "నాకది చాలా ముఖ్యం" అన్నది మూడోది. ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది. రాశి మనిషి గురించి ఏమీ చెప్పదనుకున్నా, ఆ తోక బోలెడు చెబుతుంది. మొదటి తోక మనిషీ మూడో తోక మనిషీ ఒకే రోజు, ఒకే ఆసుపత్రిలో పుట్టి ఉండొచ్చు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని కాఫీ పూర్తిచేయడం మాత్రం అనుమానమే.

ఇప్పటి యాపుల్లో ఆ తోక లేదు. ఎత్తు, చదువు, మందు, సిగరెట్టు, పెంపుడు కుక్క వరసలో రాశి కూడా ఒక బుల్లి బ్యాడ్జీగా కూర్చుంటుంది. బంబుల్ లాంటివాటిలో రాశిని బట్టి మనుషుల్ని ఏరుకునే ఫిల్టర్ కూడా ఉంటుంది. బయోల్లో అయితే మరీ సూటిగా ఉంటారు: జెమినీలకు దండం, స్కార్పియోలు దయచేసి కుడివైపు జరపొద్దు. హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో ఉన్న మన పిల్లల ప్రొఫైళ్లలోనూ ఇదే భాష. ఇంట్లో వారఫలాలు చదివే అమ్మమ్మను ఆటపట్టించిన పిల్లలే ఇలా రాయడం చూస్తే మొదట నవ్వొస్తుంది. ఆ తర్వాత అనుమానం వస్తుంది. ఇంత తెలివైనవాళ్లు నిజంగా రాశినే వడపోస్తున్నారా, లేక రాశి పేరు చెప్పి ఇంకేదైనానా?

ముందు ఈ రాశి ఎక్కడిదో చూడాలి. ఆకాశంలో చంద్రుడున్నాడు, లగ్నముంది, తక్కిన గ్రహాలున్నాయి. అన్నిటినీ వదిలి సూర్యుణ్ని ఒక్కణ్నే పట్టుకోవడం పాశ్చాత్యుల పాత జ్యోతిషంలో కూడా లేదు. అది పత్రికల చలవ. 1930 ఆగస్టులో బ్రిటన్‌లో రాకుమారి మార్గరెట్ పుట్టినప్పుడు సండే ఎక్స్‌ప్రెస్ పత్రిక ఆర్.హెచ్.నేలర్ అనే జ్యోతిష్కుడి చేత ఆ పసిబిడ్డ జాతకం రాయించింది. పాఠకులు ఎగబడ్డారు. అందరికీ ఫలాలు రాయాలంటే అందరి దగ్గరా ఉండే వివరం ఒక్కటే కావాలి, అది పుట్టినరోజు. సూర్యుడు రాశికి నెల చొప్పున నడుస్తాడు కాబట్టి ఏ గంటకు పుట్టావు, ఏ ఊళ్లో పుట్టావు అని అడగనక్కర్లేదు. అలా పన్నెండు పేరాలతో దేశమంతటికీ సరిపెట్టే పద్ధతి ఆ దశాబ్దంలోనే స్థిరపడింది. 1968లో లిండా గుడ్‌మన్ పుస్తకం దాన్ని ఇంటింటికీ చేర్చింది. డేటింగ్ యాపుకు ఇది ఇంకా సులువు. పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో చూడటానికి పుట్టినతేదీ ఎలాగూ తీసుకుంటుంది. అడక్కుండానే చేతికొచ్చిన సరుకును అంగట్లో పెట్టకుండా ఉంటుందా?

ఈ సరుకులో సత్తా ఎంతో తేల్చడానికి మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ వోస్ అనే సామాజిక శాస్త్రవేత్త 2007లో ఒక పని చేశాడు. ఇంగ్లండ్, వేల్స్‌ల 2001 జనాభా లెక్కల నుంచి దాదాపు కోటి జంటల పుట్టినతేదీలు తీసుకుని, ఏ రాశివాళ్లు ఏ రాశివాళ్లను కట్టుకున్నారో లెక్కవేశాడు. సింహానికి మేషంతో పొత్తు కుదిరేది నిజమైతే, అది ఎంత బలహీనమైనదైనా సరే, కోటి జంటల్లో ఎక్కడో ఒకచోట కనిపించి తీరాలి. కనిపించలేదు. అయితే చిన్న చిక్కొకటి తగిలింది. భార్యాభర్తలిద్దరిదీ ఒకే రాశి అయిన జంటలు లెక్క ప్రకారం ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ ఉన్నాయి. జ్యోతిషం నమ్మేవాళ్లయితే అక్కడే లేచి చప్పట్లు కొట్టేవారు. వోస్ ఇంకాస్త తవ్వాడు. ఆ మిగులు రాశి అంతటా పరుచుకుని లేదు, ఇద్దరిదీ ఒకే తేదీ అయిన జంటల దగ్గర కుప్పపడి ఉంది. జనాభా లెక్కల ఫారం ఇంట్లో ఒక్కరే కదా నింపేది! భార్య తేదీ రాయాల్సిన గడిలో భర్తగారు పొరపాటున తన తేదీయే రాసేసుకున్నారు. తేదీ తెలియనివాళ్లు జనవరి ఒకటి వేసేశారు. నక్షత్రాల ప్రేమ అనుకున్నది కాస్తా పెళ్లాం పుట్టినరోజు గుర్తులేని మొగుళ్ల నిర్వాకమని తేలింది. పరిశోధన వ్యాసాల్లో నేను చదివిన గొప్ప హాస్య సన్నివేశం ఇదే.

కాబట్టి ఫిల్టర్‌లో స్కార్పియో, జెమినీ తీసేస్తే జరిగేది ఇంతే: పన్నెండింట్లో రెండు, అంటే ఆరుగురిలో ఒకరు మాయమవుతారు. ఆ ఒకరిలో మంచివాళ్లూ మాటతప్పేవాళ్లూ మిగతా అయిదుగురిలో ఉన్న పాళ్లలోనే ఉంటారు. యంత్రం పట్టే ఈ జల్లెడలో తాలూ గింజా వేరుపడవు. కుప్ప కాస్త చిన్నదవుతుంది, అంతే. వందల ముఖాలు వేలి కింద జారిపోతుంటే కుప్ప చిన్నదవడం కూడా ఒక సుఖమే అనుకోండి.

అసలు వడపోత ఆ తర్వాత, మాటల్లో జరుగుతుంది. ఈ సంగతి నాకు మా అక్క కూతురి దగ్గర తెలిసింది. గచ్చిబౌలిలో ఉద్యోగం, గణితంలో దిట్ట. ప్రొఫైల్‌లో లియో బ్యాడ్జీ ఉంది. మ్యాచ్ అయిన ప్రతి అబ్బాయినీ రెండో రోజో మూడో రోజో నీ సైన్ ఏంటని అడుగుతుంది.

"నిజంగా నమ్ముతావుటే?" అన్నాను.

"నమ్మకం సంగతి కాదు పిన్నీ. వాడేం చెబుతాడో కాదు, ఎలా చెబుతాడో చూస్తా."

తన ఫోన్లో ఉన్న జవాబులు కొన్ని పేర్లు లేకుండా చదివి వినిపించింది. ఒకతను "తెలీదు, ఏప్రిల్ 12. నాకేది వస్తుందో నువ్వే చెప్పు" అన్నాడు. ఇంకొకతను "స్కార్పియో. ఇప్పుడు బ్లాక్ చేస్తావా, కాఫీ తాగాక చేస్తావా?" అన్నాడు. మూడో అతను భూమి అక్షం ఊగిసలాట గురించీ, రెండువేల ఏళ్లలో రాశులు జరిగిపోవడం గురించీ పదకొండు మెసేజ్‌లు వరసగా పంపాడు. చివరికి, చదువుకున్న అమ్మాయివి ఇలాంటివి ఎలా నమ్ముతావని ముగించాడు. ఆయన చెప్పిన ఖగోళం అక్షరాలా నిజం. మా పిల్లకూ అది తెలుసు. తను అడిగింది మాత్రం ఖగోళం కాదు. తనకు సరదా అయిన ఒక చిన్న విషయం, ఎవరికీ నష్టం లేనిది, ఎదుటి మనిషి చేతికిచ్చి చూసింది. అతను దాన్ని నేలకేసి కొట్టాడు. రేపు తన పాటలనీ, తన స్నేహితురాళ్లనీ, తను ఏడ్చే సినిమాలనీ కూడా అలాగే కొడతాడని దాని లెక్క.

ఆ లెక్క అన్నిసార్లూ సరైనదని నేననను. సూటిగా మాట్లాడే మంచివాడొకడు ఇక్కడ జారిపోవచ్చు. నవ్వించడం వచ్చిన మాయగాడు గట్టెక్కేయొచ్చు. కానీ ఈ ప్రశ్న కొలుస్తున్నది వెటకారాన్నన్నది మాత్రం నిజం. ఆడపిల్లల సరదాలకు దొరికినంత వెటకారం మగపిల్లల సరదాలకు దొరకదు. ఇండియా మ్యాచ్ చివరి ఓవర్లో సోఫాలోంచి లేస్తే వికెట్ పడుతుందని ఇంటిల్లిపాదినీ కదలనివ్వని ఇంజనీర్లను నేనెరుగుదును. వాళ్లను ఎవరూ మూఢులనలేదు. రాశి అడిగిన అమ్మాయికి మాత్రం కోపర్నికస్ దగ్గర్నుంచి పాఠం మొదలవుతుంది. అమెరికాలో ప్యూ సంస్థ 2025లో ప్రచురించిన సర్వేలో పదిమందిలో ముగ్గురు ఏడాదికి ఒకసారైనా జ్యోతిషమో టారో కార్డులో చూస్తామన్నారు. వాళ్లలో ఎక్కువమంది సరదాకేనన్నారు. రెండో తోక మనుషులే ఎక్కువన్నమాట.

ఇక "జెమినీలు వద్దు" అన్న వాక్యం. దీన్ని చదివే పద్ధతి వేరు. పాశ్చాత్య రాశి పుస్తకాల్లో జెమినీకి రెండు ముఖాలు, మాటకారితనం, నిలకడ లేకపోవడం. ఆ మాట రాసిన అమ్మాయికి బహుశా మే నెలాఖరులో పుట్టినవాడొకడు అబద్ధం చెప్పి ఉంటాడు. "నన్నొకడు మోసం చేశాడు, ఇంకా మానలేదు" అని కొత్తవాళ్ల ముందు ఎవరు రాస్తారు? దాన్ని గ్రహాల మీద పెట్టేస్తే గౌరవంగా ఉంటుంది. అలాగే తను కాన్సర్ అని పదేపదే చెప్పుకునే అబ్బాయి, నేను తొందరగా నొచ్చుకుంటాను, మెల్లగా మాట్లాడు అంటున్నాడు. మన మగపిల్లలకు ఆ మాట నేరుగా అనడం ఎవరూ నేర్పలేదు. కర్కాటకం అడ్డం పెట్టుకుంటే నోరు పెగులుతుంది.

ఇక్కడో చిత్రం ఉంది. 1978లో ఐసెంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మేయో అనే జ్యోతిష్కుడు కలిసి చేసిన పరిశీలనలో, మేషం మిథునం సింహం లాంటి బేసి రాశులవాళ్లు నిజంగానే కాస్త కలుపుగోలు మనుషులుగా తేలారు. జ్యోతిష్కులు పండగ చేసుకున్నారు. తర్వాత జ్యోతిషం గురించి ఏమీ తెలియనివాళ్లను పరీక్షిస్తే ఆ తేడా మాయమైంది. అంటే రాశి స్వభావం తెలిసినవాళ్లు, తమ గురించి ప్రశ్నాపత్రం నింపేటప్పుడు ఆ స్వభావం వైపు ఒరిగారు. డేటింగ్ ప్రొఫైల్ కూడా ఒకరకంగా తన గురించి తాను నింపుకునే ప్రశ్నాపత్రమే. అందుకని రాశి గురించి ఏమీ తెలియని లియో లియోనే కాదు కానీ, బ్యాడ్జీ పెట్టుకుని మురిసిపోయే లియో కొంత లియోయే. నలుగురి కళ్లూ తనమీద ఉంటే బాగుంటుందని ఒప్పుకుంటోంది, పొగిడితే కాదనదు. మా పిల్ల విషయంలో అది నూటికి నూరుపాళ్లూ నిజం.

తమాషా ఏమిటంటే మా పిల్ల మన లెక్కలో సింహరాశే కాదు. పుట్టింది 1996 జులై 30, గురుపౌర్ణమి నాడు, పొద్దుగూకే వేళ. యాపు లెక్కలో ఆ రోజు సూర్యుడు సింహంలో ఉన్నాడు. మన పంచాంగం నిరయనం. యాపులవాళ్ల లెక్కకూ మన లెక్కకూ ఇప్పుడు సుమారు 24 డిగ్రీల ఎడం, అంటే ఇరవైనాలుగు రోజులకు పైమాటే. మనకు సింహ సంక్రమణం ఆగస్టు మధ్యలో గానీ రాదు. కాబట్టి మన సూర్యుడు ఆ రోజు కర్కాటకంలోనే ఉన్నాడు. అదీ కాక మనం రాశి అంటే చంద్రుడున్న రాశి. పౌర్ణమి నాడు చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు కాబట్టి కర్కాటకానికి ఏడోది, మకరం. శ్రవణా నక్షత్రం. చంద్రుణ్నే పాశ్చాత్యుల పద్ధతిలో లెక్కకడితే కుంభం. ఒక్క పిల్లకు నాలుగు రాశులు! గచ్చిబౌలిలో ఆమె సింహం. గుంటూరులో వాళ్లమ్మ దగ్గరున్న కాగితంలో మకరం. మకరానికి ఏలినాటి శని 2025 మార్చిలో వదిలింది కాబట్టి ఇక సంబంధాలు చూడొచ్చని మా అక్క ఉత్సాహం. ఈ రెండు జాతకాలూ ఒకదాన్నొకటి ఎరగవు. ఒకటి ఫోన్లో ఉంటుంది, ఒకటి బీరువాలో.

బీరువాలో ఉన్నది దేన్ని వడపోసేదో మనకు తెలుసు. 36 గుణాలకు 18 రావాలి, కుజదోషం చూడాలి, గోత్రం కలవకూడదు, వీటన్నిటికంటే ముందు కులం కలవాలి. పిల్ల స్వభావం అక్కడ ఎవరికీ పట్టలేదు. మూలా నక్షత్రం పిల్ల అయితే మామగారికి గండమన్నారు, ఆశ్లేష అయితే అత్తగారికి, జ్యేష్ఠ అయితే బావగారికి, విశాఖ అయితే మరిదికి. కాస్త ఆగి చూడండి, ఈ జాబితాలో భయపడుతున్నవాళ్లంతా పెళ్లికొడుకు తరఫువాళ్లే. వచ్చే పిల్ల వల్ల ఇంటికి ఏం ముప్పు అన్నదే ప్రశ్న. ఆ పిల్ల ఎలాంటిది, ఎందుకు నవ్వుతుంది, కోపం వస్తే ఎన్నాళ్లు మాట్లాడదు అన్నవి ప్రశ్నలు కావు. మూలలో పుట్టిన పాపానికి ఏళ్ల తరబడి సంబంధాలు తప్పిపోయిన ఆడవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. దానితో పోలిస్తే సన్ సైన్ పిల్లల ఆట. పైగా దానికి ఇంకో సుగుణముంది. యాపులో కనిపించే ప్రతి వివరమూ మనిషిని ఒక మెట్టు మీద నిలబెడుతుంది: ఎత్తు, కాలేజీ, కంపెనీ, ఇంగ్లీషు, చివరికి ఇంటిపేరు కూడా. ఇంటిపేరు చూసి కులం పోల్చుకునే విద్యలో మనవాళ్లను మించినవాళ్లు లేరు. లియోకు ఇంటిపేరు లేదు. పన్నెండింట్లో ఒకటి అందరికీ పుట్టుకతో ఉచితంగా వస్తుంది, ఏ రాశీ ఇంకో రాశికంటే పైమెట్టు కాదు. "మీరెవరు?" అని పాత అర్థంలో అడగడం ఇష్టంలేని తరం, అడగడానికి ఇంకేదో కావాలి కాబట్టి దీన్ని పట్టుకుందేమో అనిపిస్తుంది.

పైమెట్టు కాదన్నాను గానీ అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం. చైనా చూడండి. అక్కడ పాశ్చాత్య రాశులు కొత్తగా వచ్చినవే, వాటికి వెనక పురాణం లేదు, సిద్ధాంతులు లేరు. అయినా కన్యారాశివాళ్లు పేచీకోర్లు, అతి శుభ్రం మనుషులు అన్న ముద్ర ఎలాగో పడిపోయింది. 2020లో జాక్సన్ లూ, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం అక్కడ డేటింగ్‌లోనే కాదు, ఉద్యోగాల్లో కూడా వర్గోలపై వివక్ష ఉంది. 1,73,709 మంది స్వభావాలను పరీక్షిస్తే మాత్రం రాశికీ స్వభావానికీ ఏ సంబంధమూ కనబడలేదు. నిప్పు లేకుండానే పొగ వచ్చిందన్నమాట. ఆటగా ఉన్నంతవరకు ప్రశ్నగా ఉన్నది, ఫిల్టర్ అనే మీట చేతికి రాగానే తీర్పు అయిపోతుంది. ప్రశ్నయితే స్కార్పియో కుర్రాడికి కాఫీ జోకు వేసే అవకాశముంటుంది. ఫిల్టరైతే అతను అసలు తెరమీదకే రాడు, తను రాలేదని అతనికీ తెలియదు. మూలా నక్షత్రం పిల్లకు కనీసం సంబంధం ఎందుకు తప్పిందో తెలిసేది.

ఇప్పుడు మూడో తోక మనుషులు, "నాకది చాలా ముఖ్యం" అన్నవాళ్లు మిగిలారు. వీళ్లు సూర్యుడి దగ్గర ఆగరు. సన్, మూన్, రైజింగ్ మూడూ కావాలంటారు. దానికి పుట్టిన సమయం కావాలి, ఊరు కావాలి. అమెరికాలో ఇది కోస్టార్ యాపులో పక్కపక్కన పెట్టి చూసుకునే సరదా కావచ్చు. హైదరాబాదులో మాత్రం దీని అర్థం వేరు. ఇక్కడ సన్ సైన్ అడిగితే కాఫీ, నక్షత్రం అడిగితే పెళ్లి. పుట్టిన సమయం అడిగాడంటే ఆ ప్రశ్న వెనక ఇంకో మనిషి నిలబడి ఉందని లెక్క.

"టైం ఆఫ్ బర్త్ అడిగాడంటే వాళ్లమ్మ రంగంలోకి దిగిందన్నమాటే పిన్నీ" అంది మా పిల్ల, ఆరితేరిన దానిలా.

నెల తిరక్కుండానే ఆ కాఫీ జోకు స్కార్పియో కుర్రాడు అదే అడిగాడు. కాస్త సిగ్గుపడుతూనే అడిగాడట, ఊరికే తెలుసుకుందామని. ఇదేమో రెండు రోజులు జవాబివ్వలేదు. తర్వాత వాళ్లమ్మను అడక్కుండా నాకు ఫోన్ చేసి సమయం కనుక్కుంది. సాయంత్రం ఆరున్నర అని చెప్పాను. అది అతనికి పంపింది కూడా. పుట్టిన ఊరు మాత్రం ఇంకా చెప్పలేదట. ఊరు లేనిదే లగ్నం కచ్చితంగా కట్టలేరని దానికి బాగా తెలుసు.